ఐదు సబ్జెక్టులు, ఐదు విశేషాలు, ఐదు నిమిషాలు

ఉదయం బడిలో అసెంబ్లీ జరిగేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, సూక్తి, జాతీయ గీతం పోగా విద్యార్థి ప్రసంగానికి మిగిలేది నాలుగైదు నిమిషాలే. వంతు వచ్చిన పిల్లలు ఎక్కువగా ఎంచుకునేది ‘మీకు తెలుసా?’ తరహా ప్రసంగం. సబ్జెక్టుకొక విశేషం చొప్పున ఐదు చెప్పి దిగిపోవచ్చు. కథ కట్టనక్కర్లేదు, ఉపన్యాస ధోరణి అక్కర్లేదు, వినేవాళ్లకూ విసుగు రాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ ఐదూ ఎక్కువసార్లు ఫోన్లో తిరిగే సందేశాల్లోంచి వస్తాయి. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందని ఎన్నో బడుల్లో మైకులో చెప్పేశారు. యునెస్కో అలాంటి ప్రకటన ఏనాడూ చేయలేదు. మనిషి మెదడులో పది శాతమే వాడుకుంటాడన్నదీ ఇలాంటిదే. వందలమంది పిల్లలు ఒకేసారి విన్న తప్పును తర్వాత దిద్దడం తేలిక కాదు.

కాబట్టి విశేషాన్ని ఎంచుకునేటప్పుడే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎలా తెలిసింది? ఇది ఎంతవరకు నిజం? ఈ రెండింటికీ ఒక్కో వాక్యంలో జవాబు చెప్పగలిగితేనే ఆ విశేషం మైకు దాకా రావాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఇలాంటి ప్రసంగం తయారుచేసుకుంటోంది అనుకుందాం. సాంఘికశాస్త్రం, తెలుగు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, గణితం తీసుకుంది. అన్నీ తెలుగునేలకు దగ్గరివే, తరగతి పుస్తకానికి ఆనుకుని ఉన్నవే ఏరుకుంది. ఆమె ఏం చెబుతుందో, ఆ మాటల వెనక ఏముందో ఒక్కొక్కటిగా చూద్దాం.

సాంఘికశాస్త్రం: ప్రతిజ్ఞ ఎవరిది?

“అందరికీ నమస్కారం. ఇప్పుడే మనమంతా చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెప్పాం. జాతీయ గీతం ఎవరు రాశారంటే అందరూ చెబుతారు. మరి ఈ ప్రతిజ్ఞ ఎవరు రాశారు? పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. ఊరు నల్లగొండ జిల్లా అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాశారు. అదీ తెలుగులో రాశారు.”

ప్రసంగం దీనితో మొదలవడానికి కారణం ఉంది. రెండు నిమిషాల క్రితం అందరి నోటా పలికిన మాటలవి. ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఆ క్షణంలో రచయిత పేరు అడిగితే వరుసల్లో నిలబడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

సుబ్బారావు 1916లో పుట్టారు, 1988లో కన్నుమూశారు. విశాఖలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు ఈ ప్రతిజ్ఞ రాసి తెన్నేటి విశ్వనాథానికి చూపించారు. ఆయన దాన్ని అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దగ్గరికి చేర్చారు. 1963లో విశాఖ ప్రాంతపు బడుల్లో పిల్లల చేత చెప్పించడం మొదలైంది. 1964లో కేంద్ర విద్యా సలహా మండలి ఎం.సి. ఛాగ్లా అధ్యక్షతన బెంగళూరులో సమావేశమై దేశంలోని బడులన్నిటిలో దీన్ని చెప్పించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అది అమలైంది. తెలుగులో పుట్టిన మాటలు ఇతర భాషల్లోకి వెళ్లి దేశమంతటి పిల్లలకూ నోటికి వచ్చాయి.

అన్నెపర్తి తెలంగాణలో ఉంది, విశాఖ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రెండు రాష్ట్రాల బడుల్లో ఎక్కడ చెప్పినా ఇది సొంత ఊరి ముచ్చటే అవుతుంది.

ఇక్కడ దొర్లే పొరపాటు ఒకటుంది. జాతీయ గీతం, జాతీయ గేయం, ప్రతిజ్ఞ మూడింటినీ కలిపి రాజ్యాంగం ఇచ్చినవని చెప్పేస్తుంటారు. రవీంద్రనాథ్ ఠాగూర్ గీతాన్నీ, బంకించంద్ర ఛటర్జీ గేయాన్నీ 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో ఆమోదించారు. ప్రతిజ్ఞ దారి వేరు. అది విద్యాశాఖ నిర్ణయంగా బడుల్లోకి వచ్చింది. అలాగే, తన రచన దేశమంతటా పిల్లలు చెబుతున్నారన్న సంగతి సుబ్బారావుకు చాలాకాలం తెలియదనీ, మనవరాలు పాఠ్యపుస్తకంలోంచి చదువుతుంటే విని తెలుసుకున్నారనీ ఒక కథనం ఉంది. వినడానికి బాగుంటుంది. చెప్పదలిస్తే ‘అని చెబుతారు’ అని చేర్చి చెప్పాలి. సమావేశం నిర్ణయం రికార్డుకెక్కిన సంగతి, రెండోది నోటిమాటగా వచ్చిన సంగతి. ఆ తేడా వినేవాళ్లకు తెలియాలి.

తెలుగు: ఆదికవికి ముందు పద్యం

“తెలుగు పద్యం నన్నయతో పుట్టిందని మనలో చాలామంది అనుకుంటాం. నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే అద్దంకిలో ఒక రాతి మీద తెలుగు పద్యం చెక్కారు. ఆ పద్యం పేరు తరువోజ. అయినా ఆదికవి నన్నయే. ఎందుకో చెబుతాను.”

నన్నయ రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి ఆస్థానంలో ఉన్నాడు. ఆ రాజు సింహాసనం ఎక్కింది 1022లో. అంటే నన్నయ భారతం పదకొండో శతాబ్దపు రచన. అద్దంకి శాసనం వేయించినవాడు పండరంగడు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని. ఆ రాజు పాలన మొదలైంది 848 ప్రాంతంలో కాబట్టి శాసనాన్ని తొమ్మిదో శతాబ్దం నడుమ పెడతారు. పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను గెలిచిన సంగతి అందులో ఉంది.

మరి రాతి మీద ఉన్నది పద్యమని ఎలా తెలిసింది? శాసనంలో పద్యాన్ని పాదాలుగా విడగొట్టి చెక్కరు. రాయి వెడల్పు ఎంత ఉంటే అంత మేర అక్షరాలు వరుసగా సాగిపోతాయి. చదివినవారు గురులఘువులు గుర్తించి గణాలు కట్టి చూడాలి. తరువోజ పాదం అంటే రెండు ద్విపద పాదాలు పక్కపక్కన పెట్టినట్టే. మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం, మళ్లీ మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. ఈ లెక్క నాలుగు పాదాల్లోనూ యతిప్రాసలతో సహా కుదిరింది. మామూలు వచనంలో ఇలా కుదరడం అసాధ్యం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పరీక్ష కోసం చేసే గణవిభజనే ఇక్కడ చరిత్రకు ఆధారమైంది. ఈ ఒక్క వాక్యం ప్రసంగంలో చెబితే ఛందస్సు పాఠం ఎందుకని అడిగే పిల్లవాడికి జవాబు దొరుకుతుంది.

అద్దంకి శాసనం ఒంటరిది కూడా కాదు. పదో శతాబ్దానికి చెందిన యుద్ధమల్లుడి బెజవాడ శాసనంలో మధ్యాక్కర పద్యాలున్నాయి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన శాసనంలో కంద పద్యాలున్నాయి. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. ఆ శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ కనిపిస్తాయి.

హద్దు దాటే చోటు కూడా ఇదే. ‘నన్నయ ఆదికవి కాడు’ అని ముగిస్తే చప్పట్లు పడతాయి గానీ మాట తప్పవుతుంది. ఆదికవి అన్నది మొదటి పద్యం రాసినందుకు ఇచ్చిన బిరుదు కాదు. శాసన పద్యాలు ఒక దానాన్నో విజయాన్నో నమోదు చేసే చిన్న రచనలు. నన్నయ ఆది, సభా పర్వాలూ, అరణ్య పర్వంలో కొంత భాగమూ రాసి తెలుగులో పెద్ద కావ్యానికి దారి వేశాడు. మనకు దొరికిన తెలుగు కావ్యాల్లో అది మొదటిది. అంతకుముందు పద్యాలున్నాయనడం నన్నయను తగ్గించడం కాదు. ఆయన చేతికి భాష అప్పటికే పదునెక్కి వచ్చిందని చెప్పడం.

భౌతికశాస్త్రం: గుంటూరు గ్రహణం

“బెలూన్లలో నింపే హీలియం వాయువు సంగతి మీకు తెలుసు. దాని జాడ మొదట దొరికింది భూమి మీద కాదు, సూర్యుడిలో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణం వేళ సూర్యుడి అంచున కనబడ్డ ఒక పసుపు గీతే హీలియం కథకు మొదలు.”

సూర్యుడి దాకా పోకుండా అక్కడేముందో ఎలా చెప్పారన్నదే ఇందులో అసలు సంగతి. పట్టకంలోంచి కాంతి పోతే రంగులుగా విడిపోతుందని ఎనిమిదో తరగతికే తెలుసు. వేడెక్కి వెలిగే వాయువు కాంతిని అలా విడదీస్తే రంగుల పట్టీ రాదు, విడివిడిగా కొన్ని గీతలు మాత్రమే వస్తాయి. ఏ మూలకానికి ఆ గీతలు వేరు. వంటింట్లో గ్యాసు మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే ఒక్కసారి పసుపు వెలుగు వస్తుంది. అది ఉప్పులోని సోడియం గుర్తు. గీతలు ఎక్కడ పడ్డాయో కొలిస్తే మూలకం పేరు చెప్పొచ్చు.

మామూలు రోజుల్లో సూర్యుడి అంచున ఎగిసే వాయు జ్వాలలు ఆ వెలుగులో కనపడవు. చంద్రుడు అడ్డొచ్చిన ఆ కొద్ది నిమిషాల్లోనే కనపడతాయి. అందుకే 1868లో దేశదేశాల ఖగోళవేత్తలు గ్రహణం దారి వెంట మకాం వేశారు. ఆ దారి గుంటూరు, మచిలీపట్నం మీదుగా పోయింది. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల ఖగోళవేత్త నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. ఆయన కూడా పసుపు గీతను చూసి రాసుకున్నాడు. జాన్సెన్‌కు ఆ గీతలు ఎంత ప్రకాశంగా కనపడ్డాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు అనిపించింది. మర్నాడే ప్రయత్నించి చూశాడు.

అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా, గ్రహణం లేకుండానే ఆ జ్వాలల గీతలు చూశాడు. పసుపు గీత సోడియం గీతలకు చాలా దగ్గరగా ఉంది కానీ వాటి చోట లేదు. సోడియం జంట గీతలు 589 నానోమీటర్ల దగ్గర పడితే ఇది 587.6 దగ్గర పడింది. ఆ కొద్ది తేడాను పట్టుకుని, భూమి మీద ఎవరూ చూడని మూలకం ఏదో అక్కడ ఉందని లాకియర్ వాదించాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అన్నారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజంలోంచి వచ్చిన వాయువును పరీక్షిస్తే సరిగ్గా అదే గీత కనపడింది. అప్పటికి 27 ఏళ్లు గడిచాయి.

కాబట్టి ‘హీలియంను గుంటూరులో కనిపెట్టారు’ అని ఒక్క ముక్కలో చెప్పడం సరికాదు. గుంటూరులో జాన్సెన్ కొత్త మూలకం దొరికిందని చెప్పలేదు. ఆయన ఘనత గ్రహణం లేకుండా సూర్యుడి జ్వాలలను చూసే పద్ధతి. మూలకాన్ని ఊహించింది లాకియర్, చేతికి చిక్కించుకుంది రామ్సే. ‘హీలియం కథ మొదలైన గ్రహణాన్ని గుంటూరులో చూశారు’ అంటే ప్రతి మాటా నిలబడుతుంది, ఊరి గౌరవమూ తగ్గదు.

జీవశాస్త్రం: కొమ్మన పూసి మట్టిలో కాసేది

“ఒక ప్రశ్న. వేరుశనగ కాయ వేరుకు కాస్తుందనుకునేవాళ్లు చెయ్యెత్తండి. ... దించండి. వేరుశనగ పువ్వు పైన, కొమ్మ మీదే పూస్తుంది. పువ్వు వాడిపోయాక దాని అడుగు నుంచి ఒక ఊడ సాగి నేలలోకి దిగుతుంది. ఆ ఊడ కొసనే కాయ ఊరుతుంది. అంటే మనం తినేది వేరూ కాదు, దుంపా కాదు. పండులాంటి కాయ, అందులోని గింజ.”

చేతులెత్తించడం ఇక్కడ పనికొస్తుంది. అప్పటికి మూడు నిమిషాలైంది, ముందు వరుసల్లో చిన్నపిల్లలు కాళ్లు మార్చుకుంటూ ఉంటారు. పల్లె బడి అయితే చాలా చేతులు లేవవు. అనంతపురం వైపు పిల్లలకు ఇది కొత్త కాదు. అలాంటి చోట రెండో మెట్టు విశేషం చెప్పాలి.

ఆ రెండో మెట్టు ఏమిటంటే, ఊడ కొసకు చీకటి కావాలి. విత్తిన నాలుగు వారాలకు అటూఇటుగా మొక్క మొదలు దగ్గర పసుపు పూలు వస్తాయి. పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, తనలో తానే పరాగ సంపర్కం జరిగి ఆ రోజే వాడిపోతుంది. అండాశయం కింది భాగం సాగి ఊడగా మారి నేల వైపు వంగుతుంది. ఫలదీకరణ జరిగిన పిండం ఆ ఊడ కొసలో ఉన్నా పెరగదు, ఆగిపోయి ఉంటుంది. ఊడ మట్టిలోకి కొన్ని సెంటీమీటర్లు దిగి చీకట్లో పడ్డాకే పిండం మళ్లీ పెరగడం మొదలై కొస ఉబ్బి కాయ అవుతుంది. కొమ్మ పైభాగాన పూసిన పూల ఊడలు నేలను అందుకోలేక ఎండిపోతాయి.

రైతు జిప్సం వేసే వేళకూ దీనికీ సంబంధం ఉంది. మొక్కలో సున్నం అంటే కాల్షియం నీటితో పాటు వేళ్ల నుంచి పైకి పోతుంది, ఆకుల్లో నీరు ఆవిరయ్యే చోటికి చేరుతుంది. మట్టిలో ఉన్న కాయలోంచి నీరు ఆవిరి కాదు కాబట్టి ఆ దారిన దానికి కాల్షియం సరిగా అందదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే దాన్ని నేరుగా పీల్చుకోవాలి. అందుకే ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. అది అందకపోతే పైకి మొక్క పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే తాలు కాయలు. వేళ్లు ఉన్నచోట ఎరువు వేస్తే చాలనుకున్నవాడికి ఈ పంట దగ్గర లెక్క తప్పుతుంది.

దీనికి ఆధారం పుస్తకంలో వెతకనక్కర్లేదు. ఒక్క మొక్కను మట్టి చెదరకుండా పీకి చూస్తే కాయలు వేళ్లకు కాక కొమ్మ నుంచి దిగిన ఊడలకు వేలాడుతూ కనపడతాయి. ఓపిక ఉంటే కుండీలో పెంచి ఒక ఊడను నేల తాకకుండా పైకి కట్టి ఉంచవచ్చు. పక్క ఊడకు కాయ వస్తుంది, దీనికి రాదు. ప్రసంగం ఇచ్చే అమ్మాయి ఆ పీకిన మొక్కను చేత్తో పట్టుకుని వేదిక ఎక్కితే వెనక వరుసకు మాటలు సరిగా వినపడకపోయినా సంగతి అందుతుంది.

గణితం: ఒకే రోజు పుట్టినవాళ్లు

“చివరిది. మన బడిలో ఒక్కో సెక్షన్‌లో దాదాపు నలభై మంది ఉన్నారు. ఏడాదికి 365 రోజులు. ఒక సెక్షన్‌లో ఇద్దరు ఒకే రోజున పుట్టినవాళ్లు ఉండే అవకాశం ఎంత? నూటికి పదో పన్నెండో అనుకుంటాం. లెక్క వేస్తే నూటికి 89. నమ్మకం కుదరకపోతే తరగతికి వెళ్లాక మీరే సరిచూడండి.”

ఈ లెక్క తలకిందులుగా మొదలవుతుంది. ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశాన్ని నేరుగా కట్టడం కష్టం. ఎవరిదీ ఎవరితోనూ కలవకపోయే అవకాశం కట్టడం సులువు. మొదటి విద్యార్థి ఏ రోజైనా పుట్టి ఉండొచ్చు. రెండోవాడు ఆ ఒక్క రోజు వదిలి మిగిలిన 364 రోజుల్లో పుట్టాలి. మూడోవాడికి 363 రోజులు మిగులుతాయి. ఇలా ప్రతివాడికీ ఒక రోజు తగ్గుతూ పోతుంది. ఈ భిన్నాలన్నీ గుణించాలి:

(364/365) × (363/365) × (362/365) × …

నలభయ్యో విద్యార్థి దాకా గుణిస్తే వచ్చేది దాదాపు 0.11. అంటే ఎవరిదీ కలవని అవకాశం నూటికి 11. మిగిలిన 89 కలిసే అవకాశం. ఇరవై ముగ్గురు ఉన్నా చాలు, అవకాశం సగం దాటి 50.7 శాతం అవుతుంది.

మన ఊహ ఎందుకు తప్పుతుందంటే, ప్రశ్న విన్న వెంటనే ప్రతివాడూ తన పుట్టినరోజే తలుచుకుంటాడు. ‘నా పుట్టినరోజున పుట్టినవాడు నా తరగతిలో ఉంటాడా’ అన్నది వేరే ప్రశ్న. నలభై మందిలో దానికి అవకాశం నూటికి పదే. కానీ అసలు ప్రశ్న ఏ ఇద్దరి గురించైనా. నలభై మందిలో జంటలు ఎన్నో లెక్కేయండి. ఒక్కొక్కరికి 39 మంది జతలు, ప్రతి జంటా రెండుసార్లు లెక్కకొస్తుంది కనుక సగం చేస్తే 780. ఏడువందల ఎనభై జంటల్లో ఒక్క జంట కుదిరితే చాలు.

తరగతిలో సరిచూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మన బడుల హాజరు పట్టీలో ఉన్న పుట్టినతేదీ అందరిదీ అసలుది కాకపోవచ్చు. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోయేలా జూన్‌లో ఏదో ఒక తేదీ రాయించడం మనకు కొత్త కాదు. అలాంటి రిజిస్టరు చూస్తే తేదీలు ఒకచోట గుమిగూడి కనపడతాయి, జంటలు కుప్పలుగా దొరుకుతాయి. అది గణితం గొప్ప కాదు, రిజిస్టరు మహిమ. ఇంట్లో అడిగి తెలుసుకున్న అసలు తేదీలతోనే లెక్క చూడాలి. కవలలు ఉంటే వారిని ఒక్కరిగానే లెక్కించాలి.

ఇంకొకటి. నూటికి 89 అంటే ప్రతి సెక్షన్‌లోనూ జంట ఉంటుందని కాదు. నలభై మంది ఉన్న పది సెక్షన్లు చూస్తే దాదాపు ఒకదానిలో ఉండకపోవచ్చు. ఆ సెక్షన్ వాళ్లు వచ్చి ‘నీ లెక్క తప్పు’ అంటే ఆ అమ్మాయి కంగారు పడాల్సిన పని లేదు. సంభావ్యత అంటే హామీ కాదని చెప్పడానికి అంతకన్నా మంచి అదను రాదు.

మైకు ముందు ఎంత చెప్పాలి

ఇంత చదువుకున్నా వేదిక మీద చెప్పేది కొంతే. పైన కొటేషన్లలో ఇచ్చినవే ప్రసంగం. ఒక్కో విశేషానికి ఐదారు వాక్యాలు, దాని వెంట ‘ఎలా తెలిసింది’ అన్నదానికి ఒకటి రెండు వాక్యాలు చేరిస్తే నిదానంగా చదివినా నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది. మిగిలినదంతా ఎవరైనా ప్రశ్న అడిగితే చెప్పడానికి దాచుకున్నది. ఆ నిల్వ లేని ప్రసంగం మొదటి ప్రశ్నకే తడబడుతుంది.

వరుసల్లో నిలబడి వినేవాళ్లకు అంకెలు గుర్తుండవు. ఒక్కో విశేషంలో ఒకటి రెండు అంకెలు మించకూడదు. హీలియం దగ్గర 587.6 అన్న అంకె చెప్పనక్కర్లేదు, ‘సోడియం గీతకు పక్కనే, కానీ సరిగ్గా అక్కడ కాదు’ అంటే చాలు. 50.7 శాతం అనడం కన్నా ‘సగానికి పైన’ అనడం మేలు. పేర్లు మాత్రం ముందే నాలుగుసార్లు పలికి చూసుకోవాలి. జాన్సెన్, లాకియర్ దగ్గర నాలుక మడతపడితే పిల్లల నవ్వులో తర్వాతి వాక్యం కొట్టుకుపోతుంది.

విశేషాల వరుస కూడా ఆలోచించి పెట్టుకున్నదే. అప్పుడే పలికిన ప్రతిజ్ఞతో మొదలైంది. తెలుగు, హీలియం నిలబడి వినాల్సినవి కాబట్టి ముందే వచ్చాయి. చేతులెత్తించే వేరుశనగ అలసట మొదలయ్యే చోట పడింది. తరగతికి వెళ్లి చేసి చూడదగిన లెక్క చివరన ఉంది. ఇదే ఐదింటిని తలకిందులు చేస్తే పుట్టినరోజుల గోల మొదటి నిమిషంలోనే లేచి మిగిలిన నాలుగూ ఎవరి చెవినా పడవు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రసంగం అయ్యాక ‘చాలా బాగా చెప్పావమ్మా’ అని పంపేయకండి. ‘ఇది నీకెలా తెలిసింది?’ అని అందరి ముందూ ఒక్క ప్రశ్న వేయండి. ఆ ఐదు విశేషాలను, వాటి ఆధారాలతో సహా నోటీసు బోర్డు మీద వారం రోజులు ఉంచండి. ఎవరైనా తప్పు పట్టుకుంటే, అది నిజంగా తప్పే అయితే, మరుసటి వారం అదే మైకులో దిద్దించండి. తప్పు దిద్దినవారికీ చప్పట్లు కొట్టించండి.